క్యాను నీళ్ళు: మీటరు చెప్పని సంగతి

మా కాలనీకి మున్సిపల్ నీళ్ళు రెండు రోజులకోసారి వస్తాయి. బోరు నీళ్ళేమో ఉప్పన. అందుకే సంఘం తరఫున చిన్న ఆర్వో ప్లాంటు పెట్టుకున్నాం. బ్యాంకు ఉద్యోగిని కదా అని లెక్కల పుస్తకం నాకు అప్పగించారు. అందులో డబ్బులతో పాటు రోజూ రెండు అంకెలు రాస్తాను: బోరు నీటి టీడీఎస్, శుద్ధి చేసిన నీటి టీడీఎస్.

టీడీఎస్ అంటే లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయన్న లెక్క. తాగునీటిలో అది 500 దాటకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. వేరే ఆధారం లేనిచోట 2000 వరకు ఒప్పుకుంటుంది. మా బోరు నీరు 1200, ప్లాంటు నీరు 70. అంటే నూటికి 94 పాళ్ళ లవణాలు ఆర్వో పొర దగ్గరే ఆగిపోతున్నాయి. బోరు అంకె మారకుండా ఈ 70 నెలనెలా పెరుగుతూ 150, 200 అయితే పొర శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి.

అయితే ఈ మీటరు నీటిలో కరెంటు ఎంత ప్రవహిస్తుందో చూసి లవణాలను అంచనా వేస్తుంది, అంతే. సూక్ష్మక్రిములు దానికి కనబడవు. పైగా కుళాయి నీటిలో క్రిములను అడ్డుకునే క్లోరిన్ కొద్దిగా ఉంటుంది. మా క్యాను నీటిలో అదీ ఉండదు. తర్వాత చెయ్యి తగిలినా, మురికి క్యానులో పోసినా కాపాడేది ఏదీ లేదు.

పోయిన వేసవిలో మూడిళ్ళలో పిల్లలకు విరేచనాలయ్యాయి. మీటరు మాత్రం 70 దగ్గరే ఉంది. హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలు తెప్పించి ప్లాంటు కుళాయి, అప్పుడే నింపిన క్యాను, ఒక ఇంటి డిస్పెన్సరు, ఈ మూడు చోట్ల నీళ్ళు పట్టాం. గీత దాకా నింపి, మూత పెట్టి, గది వేడిలో ఉంచాలి. రెండు రోజుల్లోపు నల్లబడితే మలసంబంధమైన కాలుష్యం ఉండవచ్చని సూచన. కుళాయి నీరు రంగు మారలేదు. క్యాను నీరు, డిస్పెన్సరు నీరు నల్లబడ్డాయి. తప్పు ప్లాంటుది కాదు, క్యానుదని తేలింది.

అప్పటి నుంచి 20 లీటర్ల నీటిలో చెంచాడు, అంటే సుమారు 5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటితో ప్రతి క్యానునూ లోపలంతా తడిసేలా పది నిమిషాలు ఉంచి, ప్లాంటు నీటితో బాగా కడుగుతున్నాం. ఇళ్ళలో డిస్పెన్సరునూ వారానికోసారి ఇలాగే చేయమన్నాం. తర్వాత చేసిన పరీక్షలో మూడు సీసాలూ నల్లబడలేదు.

మీ ఇంటి నీళ్ళు ఎప్పుడైనా నల్లబడితే, కారణం తేలేదాకా తెర్లేలా కాచి తాగండి. ఇక ఫ్లోరైడ్ సంగతి మీటరూ చెప్పదు, ఈ సీసా కూడా చెప్పదు. దానికి బోరు నీటిని, ప్లాంటు నీటిని ల్యాబుకు పంపాల్సిందే.