ముఖం కళ తప్పితే మొదట ఆపాల్సింది ఎండను

ముఖం కళ తప్పినట్టు కనిపించడానికి ఎక్కువగా రెండు కారణాలు ఉంటాయి. మొదటిది పైపొర గరుకుదనం. చర్మం లోపల పుట్టిన కణాలు మెల్లగా పైకి వచ్చి, చనిపోయి, నెల అటూఇటుగా రాలిపోతాయి. వయసు పెరిగేకొద్దీ ఈ రాలడం నెమ్మదిస్తుంది. రాలాల్సినవి అతుక్కునే ఉంటే పైభాగం ఎగుడుదిగుడై, పడిన వెలుతురు చెదిరిపోతుంది. రెండోది మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం). ఎండ తగిలిన చోట ఇది ఎక్కువగా తయారవుతుంది, అదీ అన్నిచోట్లా సమానంగా కాదు.

పుట్టుకతో వచ్చిన రంగును ఇక్కడ చెప్పే పద్ధతులేవీ మార్చవు, మార్చాల్సిన అవసరమూ లేదు. ఎండ తగలని చోట, అంటే భుజం కింద చేతి లోపలివైపు చూసుకుంటే, ముఖం సుమారుగా ఎంతవరకు తేరుకోగలదో అర్థమవుతుంది.

మనలాంటి చామనఛాయ చర్మానికి ఒక స్వభావం ఉంది. దెబ్బ తగిలినా, మంట పుట్టినా, గట్టిగా రుద్దినా అది మచ్చగా నల్లబడుతుంది. ఆ నలుపు నెలల తరబడి పోదు. కాబట్టి మెరుపు కోసం చేసే పనే మంట పుట్టిస్తే ఫలితం తిరగబడుతుంది. చాలామంది స్క్రబ్‌తో మొదలుపెట్టి సన్‌స్క్రీన్‌ను చివరికి వదిలేస్తారు. నా ఉద్దేశంలో వరుస దీనికి సరిగ్గా ఎదురుగా ఉండాలి.

విజయవాడలో రోజూ స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్లే ముప్పై అయిదేళ్ల ఉద్యోగిని అనుకుందాం. రోజూ స్క్రబ్‌తో రుద్దుతుంది, వారానికోసారి నిమ్మరసం కలిపిన శనగపిండి పట్టిస్తుంది. బుగ్గల మీద నలుపు మాత్రం పెరుగుతోంది. ఆమె ముందు ఆ రెండూ ఆపేయాలి. మొదటి మూడు నాలుగు వారాలు ఘాటులేని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, ఉదయం సన్‌స్క్రీన్ చాలు.

సన్‌స్క్రీన్‌లో అందరూ తప్పేది మోతాదు. డబ్బా మీద రాసిన ఎస్పీఎఫ్ (ఎండకు కమలకుండా కాపాడే కొలత) చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి పరీక్షించినది. ముఖానికి లెక్కేస్తే ఒక గ్రాము పైనే అవుతుంది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ఇంచుమించు అంత వస్తుంది. రోజుకు ఒక్కసారే రాసినా 50 గ్రాముల ట్యూబు రెండు నెలల్లోపే అయిపోవాలి. నాలుగు నెలలు వచ్చిందంటే సగం కూడా రాయడం లేదన్నమాట. ఎస్పీఎఫ్ 30 ఉండి, పీఏ గుర్తు పక్కన కనీసం మూడు ప్లస్‌లు ఉన్నది తీసుకోవాలి. ఆ ప్లస్‌లు యూవీఏ (నల్లబరిచే అతినీలలోహిత కిరణాలు) నుంచి రక్షణను చెబుతాయి. ఈ కిరణాలు మామూలు కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి. ఆరుబయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

మూడు నాలుగు వారాలకు ముఖం కుదుటపడ్డాక విటమిన్ సి మొదలుపెట్టవచ్చు. మెలనిన్ తయారీకి టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి. విటమిన్ సి దాని పనిని తగ్గిస్తుంది, ఎండవల్ల పుట్టే హానికర అణువులనూ కొంత అణచివేస్తుంది. 10 శాతం సీరం నాలుగైదు చుక్కలు, ఉదయం సన్‌స్క్రీన్ కంటే ముందు రాయాలి. గాలి, వెలుతురు తగిలితే ఇది త్వరగా పాడవుతుంది. లేత పసుపు నుంచి గోధుమరంగుకు తిరిగిందంటే పారేయాల్సిందే. నిమ్మరసం దీనికి బదులు కాదు. అందులో విటమిన్ సి శాతంలో పదో వంతు కూడా ఉండదు. పులుపు మాత్రం చర్మాన్ని మండించేంత ఉంటుంది. నిమ్మరసం తగిలిన చర్మంపై ఎండ పడితే బొబ్బలు, నల్ల మచ్చలు రావచ్చు కూడా.

మృతకణాలు తీయడం చివరి మెట్టు. మరో రెండు మూడు వారాలయ్యాక, వారానికి ఒక రాత్రి, 5 శాతం లాక్టిక్ ఆమ్లం (పాలు పులిసినప్పుడు పుట్టేది) చాలు. అది కణాల మధ్య అతుకును వదులు చేస్తుంది, రుద్దే పని ఉండదు. సున్నిపిండి అలవాటున్నవాళ్లు మెత్తగా జల్లించి, తడి ముఖంపై ఒత్తిడి లేకుండా వాడితే సరిపోతుంది. ఆమ్లం రాశాక కొన్ని రోజులు చర్మం ఎండకు తేలిగ్గా లొంగుతుంది. సన్‌స్క్రీన్ అలవాటు కాకముందే దీన్ని మొదలుపెట్టకూడదనడానికి కారణం అదే.

నునుపు కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. రంగు తేరుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా మామూలు నీళ్లకే ముఖం చురచురలాడినా, చర్మం బిగుసుకుని మైనం పూసినట్టు మెరిసినా, అది కళ కాదు, పైపొర పలచబడిన గుర్తు. ఆమ్లాన్నీ సీరంనూ రెండు వారాలు ఆపి, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్‌తో సరిపెట్టాలి.

బుగ్గల మీద అంచులు తెలిసేలా మంగు మచ్చలుంటే ఈ పద్ధతులు మాత్రమే చాలవు, చర్మవైద్యులను కలవాలి. వారంలో తెల్లబరిచే క్రీము ఎవరైనా ఇస్తే ట్యూబు మీద పేర్లు చదవండి. బీటామెథసోన్, మోమెటసోన్, క్లోబెటసాల్ ఉంటే అవి స్టెరాయిడ్లు. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు కొన్నింటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్లో చేర్చింది. స్టెరాయిడ్లను ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రని రక్తనాళాలు తేలతాయి. ఆపగానే మంట, మొటిమలు తిరగబెడతాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఎలా మానాలో వైద్యులను అడిగి, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే మానాలి.