‘అ’లో మూడు బైట్లు

యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అ’ అక్షరం కంప్యూటర్‌లో 24 బిట్ల వరసగా ఉంటుంది: 111000001011000010000101. ఇంత పొడుగు వరసలో ఒక సున్నా జారిపోయినా కంటికి ఆనదు. అందుకే దాన్ని ఎనిమిదేసి బిట్ల బైట్లుగా విడగొట్టి 11100000, 10110000, 10000101 అని రాసుకుని, ఒక్కోదాని విలువ విడిగా కడతారు.

రెండో బైట్‌నే తీసుకుందాం. బైట్‌లో స్థానాల విలువలు ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1. 10110000లో ఒకట్లు ఉన్నవి 128, 32, 16 స్థానాల్లో, కూడితే 176. అదే దశాంశ విలువ. మిగతా రెండూ ఇలాగే 224, 133 అవుతాయి.

ఆక్టల్‌కు ఇంత కూడిక అక్కర్లేదు. బైట్‌ను కుడి చివర నుంచి మూడేసి బిట్లుగా విడదీస్తే 10 110 000. ఒక్కో గుంపుకు ఒక్కో అంకె చొప్పున 260. ఎడమ చివర రెండే బిట్లు మిగులుతాయి కాబట్టి మొదటి అంకె ఎప్పుడూ 3 దాటదు. 412 వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పినట్టే. 2×64 + 6×8 + 0 వేస్తే మళ్లీ 176 రావాలి. రెండు దారుల్లో వచ్చిన అంకె ఒకటే అయితే ఆ బైట్ మార్పిడి సరిపోయినట్టు.

చాలామంది పొరబడేది ఒకచోట. 24ను మూడు భాగిస్తుంది కదా అని వరస మొత్తాన్నీ ఒకేసారి మూడేసి బిట్లుగా కోస్తారు. అప్పుడు 70130205 వస్తుంది. సంఖ్యగా అది సరైనదే, కానీ 340 260 205 అనే బైట్లు అందులో కనబడవు; గుంపులు బైట్ల గట్లు దాటిపోయాయి.

జాబితా పెద్దదైతే పైథాన్‌లో ఈ నాలుగు వరసలు చాలు:

```
data = "11100000 10110000 10000101"
for b in data.split():
    n = int(b, 2)
    print(b, len(b), n, format(n, "03o"))
```

ఇందులో len(b) అలంకారానికి కాదు. ఒక సున్నా తగ్గి 1011000 అని పడితే int ఏమీ అనదు, నిశ్శబ్దంగా 88 ఇస్తుంది. పొడవు 8 కాకుండా 7 అని కనబడితేనే తప్పు దొరుకుతుంది. ఖాళీ స్థలాన్ని సూచించే 00100000లో ముందున్న సున్నాలు రాలిపోతే పరిస్థితి ఇంకా చిక్కు: విలువ 32గానే ఉంటుంది, ఏ తేడా తెలియదు. బైట్లను మళ్లీ కలిపి రాసినప్పుడు మాత్రం ఆ తర్వాతి బిట్లన్నీ పక్కకు జరిగిపోతాయి.

యూటీఎఫ్-8కు ఆక్టల్ మరో గుర్తునూ ఇస్తుంది. అక్షరంలో మొదటిది కాని బైట్లన్నీ 10తో మొదలవుతాయి, అంటే వాటి ఆక్టల్ 2తో మొదలవుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన భాగంలోని ఏ అక్షరమైనా ముందు 340, ఆ వెంటనే 260 గానీ 261 గానీ. తెలుగు పాఠంలో 340 పక్కన 244 కనబడితే అక్కడ దేవనాగరి అక్షరం దూరినట్టు, లేదా బిట్లు చెదిరినట్టు.