గాజు ప్లేటును ఒక్కసారే ముట్టుకుందాం



మీ తాతగారి స్టూడియో గాజు నెగటివ్‌ల పెట్టె క్షేమంగా అందింది. మీ ఊళ్లో స్కానర్ ఉన్న కుర్రాడు ఒక్కరోజులో చేసిపెడతానన్న పనికి మ్యూజియానికి ఇన్ని వారాలెందుకని ఫోన్లో అడిగారు. అడగవలసిన మాటే. మూడు ముక్కలైన ఆ పెళ్లి ఫొటో ప్లేటునే తీసుకుని చెబుతాను.

అది ఫుల్ ప్లేటు. 6.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు. గాజుకు ఒకవైపు జెలటిన్‌లో వెండి కణాలు కలిపి పూసిన పలుచని పొర ఉంటుంది. దాన్ని ఎమల్షన్ అంటాం. బొమ్మంతా ఆ పొరలోనే ఉంది. ప్లేటును వెలుతురుకు వాలుగా పట్టుకుంటే గాజు వైపు నిగనిగలాడుతుంది, ఎమల్షన్ వైపు అంత మెరవదు. తేమ తగిలితే జెలటిన్ ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. గాజు అలా సాగదు, ముడవదు. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ అంచుల్లో పట్టు వదిలి, గోడ సున్నం పెచ్చులు లేచినట్టు పొర లేస్తుంది. మీ ప్లేటులో ఎడమ అంచున నిలబడ్డ పెద్దాయన భుజం దగ్గర ఇప్పటికే లేచింది.

అలాంటి ప్లేటును మామూలు స్కానర్ మీద బోర్లిస్తే లేచిన పొర కింది గాజుకు రాసుకుంటుంది. మూత వేస్తే విరుగుతుంది. ఎమల్షన్ పైకి ఉండేలా పెడితే ప్లేటు మందమంత ఎత్తులో బొమ్మ ఉండిపోయి ఫోకస్ తప్పవచ్చు. అందుకని స్టాండుకు కెమెరాను కిందికి చూసేలా బిగించి, వేడెక్కని ఎల్‌ఈడీ లైట్‌బాక్సు మీద ప్లేటును ఎమల్షన్ పైకి ఉంచి ఫొటో తీస్తాం. పొరకు ఏదీ తగలదు. బొమ్మలో కుడి ఎడమలు తారుమారవుతాయి గాని, దాన్ని తర్వాత కంప్యూటర్లో తిప్పుకోవచ్చు.

మూడు ముక్కలనూ దగ్గరికి నెట్టి అతికినట్టు పెట్టం. పగిలిన అంచులు ఒకదానికొకటి రాసుకుంటే ఎమల్షన్ రాలుతుంది. సన్నని సందు వదిలి, ఒకే ఎక్స్‌పోజరులో అన్నిటినీ తీస్తాం. ప్లేటు చుట్టూ నల్ల కాగితం పరుస్తాం. లేకపోతే పక్కనుంచి వచ్చే వెలుతురు లెన్సులో చెదిరి, బొమ్మ వెలిసిపోయినట్టు వస్తుంది. ముక్కలను కలిపిన బొమ్మ కావాలంటే నకలు ఫైలులో కలుపుతాం. అసలు ఫైలులో సందులు అలాగే ఉంటాయి.

ఎక్స్‌పోజరు కుదరడమే కష్టం. నెగటివ్‌లో నల్లకోటు పడ్డచోటు దాదాపు ఖాళీ గాజు, తెల్లపంచె పడ్డచోటు చిక్కటి నలుపు. ఖాళీ గాజు పూర్తిగా తెల్లబడిపోకుండా వెలుతురు కొలుస్తాం. అప్పుడు పంచె మడతలు కనిపించకపోతే, ప్లేటును కదపకుండా ఎక్కువసేపు మరో ఎక్స్‌పోజరు తీస్తాం. కెమెరాలో వచ్చే గ్రాఫు ఏదో ఒక కొసకు అతుక్కుపోయిందంటే అక్కడి వివరం పోయినట్టే.

నలుపు తెలుపు ప్లేటును రంగుల్లో ఎందుకు తీస్తున్నారని కూడా అడిగారు. పెళ్లికూతురి ముఖం మీద లేత ఎర్రటి పూత ఉంది. ప్రింటులో ఆ ముఖం కాస్త తెల్లగా రావడానికి రీటచింగు చేసినవారు కుంచెతో అద్దిన రంగది. ఆ ఎరుపు వెలుతురును కొంత అడ్డుతుంది. బూడిదరంగు స్కాన్‌లో ఆ పూత ఫొటోలో భాగంలా కలిసిపోతుంది, చేతిపని జాడ ఉండదు. నాకు ఆ చేతిపని కూడా ముఖ్యమే. పెన్సిలు గీతలూ అంచుల్లో వెండి పైకి తేలి వచ్చిన నీలిమెరుపూ కనిపించేలా పైనుంచి ఏటవాలు వెలుతురులో ఇంకో ఫొటో తీస్తాం.

ఈ ప్లేటుకు అంగుళానికి 1200 పిక్సెళ్లు ఎంచుకున్నాం. అంటే ప్లేటు మేరకే 7,800 × 10,200 పిక్సెళ్లు. రంగుకు 16 బిట్ల చొప్పున లెక్కేస్తే ఒక్క ఫైలే సుమారు 477 మెగాబైట్లు. నాణ్యతకు అమెరికా ప్రభుత్వ సంస్థలు వాడే FADGI మార్గదర్శకాలను చూసుకుంటాం. పని మొదలుపెట్టేముందు సన్నగీతల పరీక్షాపలకను ఫొటో తీసి, చెప్పినన్ని పిక్సెళ్లలో నిజంగా వివరం పడుతోందో లేదో చూస్తాం. కెమెరా ఫోకస్ తప్పితే అంకె ఎంత పెద్దదైనా వ్యర్థమే.

మీకు రెండు ఫైళ్లు వస్తాయి. TIFF ఫైలు నెగటివ్‌గానే, గీతలూ మరకలూ సహా, ప్లేటు అంచులతో ఉంటుంది. అది ప్లేటుకు సాక్ష్యం, దాన్ని దిద్దం. JPEG ఫైలు మామూలు ఫొటోలా కనిపిస్తుంది, ఇంట్లో వాళ్లకు పంపుకోండి. అందులో పెళ్లికూతురి కుంకుమ నల్లగా ఉందని కంగారుపడకండి. ఆ కాలపు ప్లేట్లు చాలావాటికి ఎరుపు పట్టేది కాదు.

మీ దగ్గరున్న రెండో పెట్టె గురించి ఒక మాట. ప్లేట్లను తడిగుడ్డతో తుడవకండి, విరిగినవాటికి టేపు అంటించకండి. టేపు తీసేటప్పుడు ఎమల్షన్ దానితోపాటే ఊడివస్తుంది. బాగున్న ప్లేట్లను పొడుగు అంచు మీద నిలబెట్టండి, విరిగినవాటిని పరిచి ఉంచండి. పాత కాగితపు కవర్లను పారేయకండి. వాటిమీద మీ తాతగారి చేతిరాత ఉంటుంది, వాటినీ స్కాన్ చేస్తాం. ఈలోగా, ఆ పెళ్లి ఫొటోలో ఎడమ చివరి పెద్దాయన ఎవరో గుర్తుంటే రాసి పంపండి.

ఇట్లు,
మ్యూజియం ఆర్కైవిస్టు