ఎండకూ చలికీ చెదరని 1.25 వోల్టులు

బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్స్ అనేది చిప్ లోపల ఎప్పుడూ ఒకే వోల్టేజి అందించే చిన్న సర్క్యూట్. ఆ వోల్టేజి సుమారు 1.25 వోల్టులు. ఫోన్ తన బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పాలన్నా, డిజిటల్ మల్టీమీటర్ ఒక అంకె చూపాలన్నా లోపల పోల్చుకునేది ఇలాంటి స్థిరమైన వోల్టేజితోనే. అది ఒక శాతం పెరిగితే దానితో తీసిన ప్రతి కొలతా దాదాపు ఒక శాతం తగ్గి కనిపిస్తుంది. అయితే సిలికాన్ మీద తయారయ్యే ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు అన్నీ ఎంతో కొంత వేడికి మారేవే. అందుకే మారని భాగం కోసం వెతకకుండా, మారే రెండు వోల్టేజీలను కలిపి మారని మొత్తాన్ని రాబడతారు.

మొదటిది వేడికి తగ్గే వోల్టేజి. ట్రాన్సిస్టర్‌లో బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య ఎలక్ట్రాన్లు దాటవలసిన ఒక అడ్డు ఉంటుంది. దాన్ని తగ్గించి కరెంటు పారించడానికి గది ఉష్ణోగ్రత వద్ద దాదాపు 0.65 వోల్టులు పెట్టాలి. చిప్ వేడెక్కితే, ఆ అడ్డును దాటగల శక్తి ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్య బాగా పెరుగుతుంది. అంటే అదే కరెంటు పారించడానికి బయటినుంచి ఇచ్చే ఊతం తక్కువైనా సరిపోతుంది. ఈ తగ్గుదల ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు.

రెండోది వేడికి పెరిగే వోల్టేజి. అది దొరికే చోటు ఆశ్చర్యం కలిగిస్తుంది: వేడికి తగ్గే వోల్టేజీలు రెండు తీసుకుని ఒకదానిలోంచి మరొకటి తీసేస్తే వచ్చే తేడాయే అది. ఒకే చిప్ మీద పక్కపక్కనే రెండు ట్రాన్సిస్టర్లు ఉన్నాయనుకుందాం. ఒకదాని ఎమిటర్ వైశాల్యం రెండోదానికి 8 రెట్లు. రెండింటిలోనూ ఒకే కరెంటు పారిస్తే, పెద్దదానిలో అది 8 రెట్లు పలచగా పరుచుకుంటుంది కాబట్టి దానికి కావలసిన వోల్టేజి కొద్దిగా తక్కువ. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ రెండు వోల్టేజీలూ తగ్గుతాయి గానీ ఒకే వేగంతో కాదు. పెద్దది కాస్త ఎక్కువ వేగంగా తగ్గుతుంది. అందువల్ల వాటి మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడానికి సూత్రం ఇది:

ΔV = (kT/q) × ln N

ఇందులో T కెల్విన్లలో ఉష్ణోగ్రత, N వైశాల్యాల నిష్పత్తి, ln సహజ సంవర్గమానం. k బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, q ఎలక్ట్రాన్ ఆవేశం. ఈ రెండూ ప్రకృతి నిర్ణయించినవి, ఏ కర్మాగారంలోనైనా ఒకటే. ట్రాన్సిస్టర్ ఎంత మాలిన్యం కలిపి తయారైంది, దాని పొరలు ఎంత మందం అన్న వివరాలన్నీ తీసివేతలో కొట్టుకుపోతాయి. ఈ పద్ధతి ఆయువుపట్టు ఇదే. ఒక్క ట్రాన్సిస్టర్ వోల్టేజి మాత్రమే అయితే ఒక చిప్‌కూ మరో చిప్‌కూ తేడా వస్తుంది. రెండింటి తేడా మాత్రం పరమ ఉష్ణోగ్రతకు సరైన అనుపాతంలో నడుస్తుంది. చిప్‌ల లోపల ఉండే థర్మామీటర్లు చాలావరకు ఈ తేడానే కొలుస్తాయి.

ఇక లెక్క చూద్దాం. 27 డిగ్రీల సెల్సియస్ అంటే 300 కెల్విన్. అక్కడ kT/q విలువ 25.85 మిల్లీవోల్టులు, ln 8 విలువ 2.08. రెండింటినీ గుణిస్తే ΔV సుమారు 53.8 మిల్లీవోల్టులు. ఇది డిగ్రీకి 0.179 మిల్లీవోల్టులు మాత్రమే పెరుగుతుంది. అటు తగ్గేది 2 మిల్లీవోల్టులు. రెండూ సరితూగాలంటే ΔVని 11.16 రెట్లు పెంచాలి. అప్పుడు 300 కెల్విన్ వద్ద అది 0.600 వోల్టులవుతుంది. దానికి 0.650 కలిపితే 1.250. చిప్ 87 డిగ్రీలకు, అంటే 360 కెల్విన్‌కు వేడెక్కితే మొదటిది 0.530కి పడిపోతుంది, రెండోది 0.720కి ఎక్కుతుంది. మొత్తం మళ్లీ 1.250. సున్నాకు 33 డిగ్రీల దిగువన, 240 కెల్విన్ వద్ద, 0.770కి 0.480 తోడవుతుంది. అదీ 1.250.

ఈ పెంపును రెండు రెసిస్టర్ల నిష్పత్తితో సాధిస్తారు. 1974లో అనలాగ్ డివైసెస్‌కు చెందిన పాల్ బ్రోకా ప్రచురించిన సర్క్యూట్‌లో ΔV ఒక రెసిస్టర్ మీద పడుతుంది. దాంతో పుట్టిన కరెంటు, రెండో ట్రాన్సిస్టర్ కరెంటుతో కలిసి, మరో రెసిస్టర్ గుండా పారుతుంది. రెండు రెసిస్టర్లూ వేడికి మారినా ఒకే చిప్ మీద ఒకే పదార్థంతో ఉంటాయి గనుక కలిసే మారుతాయి, నిష్పత్తి నిలుస్తుంది.

మొత్తం 1.25 దగ్గరే ఎందుకు తేలింది? ఉష్ణోగ్రతతో మారని మొత్తానికి ఏ ఉష్ణోగ్రత వద్దనైనా ఒకటే విలువ. కాబట్టి గీతను వెనక్కి, పరమశూన్యం దాకా పొడిగించి చూడవచ్చు. అక్కడ T సున్నా, అందుకే ΔV కూడా సున్నా. మిగిలేది మొదటి వోల్టేజి ఒక్కటే. ఎలక్ట్రాన్లకు వేడి ఇచ్చే సాయం ఏమీ లేని ఆ చోట, అది సిలికాన్ శక్తి అంతరానికి సమానమైన వోల్టేజి వైపు చేరుతుంది. సిలికాన్‌కు ఇలా లెక్కగట్టే విలువ సుమారు 1.205 వోల్టులు. ఆ అంతరాన్నే బ్యాండ్‌గ్యాప్ అంటారు, సర్క్యూట్ పేరు అక్కడిదే. అసలు వక్రరేఖలో కొద్దిపాటి వంపు ఉండటం వల్ల, గది ఉష్ణోగ్రత దగ్గర గీసిన సరళరేఖ పరమశూన్యాన్ని ఇంకొంచెం పైన, 1.25 దగ్గర తాకుతుంది. ఈ ఆలోచనను 1964లో డేవిడ్ హిల్బైబర్ ప్రతిపాదించగా, 1971లో బాబ్ విడ్లర్ చిప్‌లకు అనువైన రూపంలో ప్రచురించాడు.

ఈ గుణం వల్ల తయారీదారులకు పెద్ద సౌలభ్యం దక్కింది. ప్రతి చిప్‌నూ వేడిచేసి, చల్లబరిచి చూడనవసరం లేకుండా గది ఉష్ణోగ్రత వద్దే సరిచేయవచ్చు. కొలిస్తే 1.250 బదులు 1.270 వచ్చిందనుకుందాం. పెరిగే భాగం 20 మిల్లీవోల్టులు ఎక్కువైందన్నమాట. 20ని 300తో భాగిస్తే డిగ్రీకి 0.067 మిల్లీవోల్టుల వాలు, అంటే 100 డిగ్రీల వ్యవధిలో దాదాపు 7 మిల్లీవోల్టుల పెరుగుదల. రెసిస్టర్‌ను లేజరుతో కోసి మొత్తాన్ని 1.250కి దింపితే ఆ వాలు కూడా పోతుంది.

అయితే తప్పు మరో చోట ఉంటే ఈ ఉపాయం మోసం చేస్తుంది. రెండు ట్రాన్సిస్టర్లనూ సమానంగా నడిపించే యాంప్లిఫయర్‌లో 2 మిల్లీవోల్టుల పొరపాటు ఉంటే, అది కూడా 11.16 రెట్లు పెరిగి 22 మిల్లీవోల్టులుగా బయటపడుతుంది. ఆ పొరపాటు వేడికి అంతగా మారదనుకుంటే, రెసిస్టర్‌ను కోసి మొత్తాన్ని సరిచేసినప్పుడు నిజానికి సరిగానే ఉన్న పెరిగే భాగాన్ని అనవసరంగా తగ్గించినట్లవుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద అంకె చక్కగా ఉంటుంది, వేడెక్కితే వోల్టేజి జారుతుంది. రెండు ఉష్ణోగ్రతల వద్ద కొలిస్తే తప్ప ఇది పట్టుబడదు. వైశాల్యాల నిష్పత్తి పెంచితే ΔV పెరిగి ఈ బాధ తగ్గుతుంది గానీ, సంవర్గమానం మెల్లగా పెరిగేది. 8ని 64 చేస్తే, అంటే ఎనిమిది రెట్ల స్థలం ఇస్తే, ΔV రెట్టింపు మాత్రమే అవుతుంది.

అన్నీ సరిగ్గా కుదిరినా ఇందాక చెప్పిన వంపు మిగిలే ఉంటుంది. పెరిగే భాగం సరళరేఖ, తగ్గే భాగం కాదు. అందువల్ల పైన లెక్కలో మూడు చోట్లా వచ్చిన 1.250 దాదాపు సరైనదే తప్ప కచ్చితమైనది కాదు. నిజమైన చిప్‌లో మొత్తాన్ని గ్రాఫు గీస్తే సమతలంగా కాకుండా పలుచని విల్లులా కనిపిస్తుంది. మధ్యలో ఎత్తు, బాగా చలిలోనూ బాగా వేడిలోనూ కొద్ది మిల్లీవోల్టుల దిగువ. ఇంకా మెరుగైన కొలత కావలసిన చోట ఈ వంపును దిద్దడానికి అదనపు సర్క్యూట్ చేరుస్తారు.