ఆ మీటింగ్ ఎవరి గడియారం ప్రకారం?

హైదరాబాద్, బెర్లిన్, శాన్ ఫ్రాన్సిస్కో. ఈ మూడు ఊళ్లలో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌ను తీసుకుందాం. అందరి ఆఫీసూ తొమ్మిదింటి నుంచి ఆరింటి దాకా అనుకుంటే, వేసవిలో మనకూ బెర్లిన్‌కూ మధ్యాహ్నం 12:30 నుంచి సాయంత్రం 6 దాకా పనివేళలు కలుస్తాయి. బెర్లిన్ వాళ్లు ఇంటికి బయల్దేరే వేళకు శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు ఆఫీసుకు వస్తారు. మనకూ వాళ్లకూ మాత్రం ఒక్క నిమిషం కూడా కలవదు. ముగ్గురూ మాట్లాడుకోవాలంటే ఎవరో ఒకరు ఇంటి సమయం వదులుకోవాల్సిందే.

అందుకే చాలా టీమ్‌లు శాన్ ఫ్రాన్సిస్కోలో ఉదయం 8 గంటలను ఎంచుకుంటాయి. అప్పుడు బెర్లిన్‌లో సాయంత్రం 5, ఇక్కడ రాత్రి 8:30. మనకు భోజనాల వేళే అయినా, వారానికోసారి కాబట్టి సర్దుకుంటాం.

చిక్కంతా నవంబరులో వస్తుంది. చలికాలానికి అమెరికా, యూరప్ గడియారాలను గంట వెనక్కి తిప్పుతాయి, మనం తిప్పం. ప్రతివారం వచ్చే మీటింగ్‌ను క్యాలెండర్ ఏదో ఒక ఊరి టైమ్‌కే కట్టి ఉంచుతుంది. మామూలుగా అది మీటింగ్ పెట్టినవాళ్ల ఊరు. మేనేజరు శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటే అక్కడ ఎనిమిది ఎనిమిదిగానే ఉంటుంది, ఇక్కడ 8:30 కాస్తా 9:30 అవుతుంది. మార్చమని ఎవరూ అడగలేదు, మారుస్తున్నామని ఎవరూ చెప్పలేదు. అయినా పిల్లల్ని పడుకోబెట్టే వేళకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది, అదీ మార్చి దాకా. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

దానికి తోడు ఆ రెండు ఖండాలూ ఒకే రోజు గడియారం మార్చవు. 2026లో అమెరికా మార్చి 8న ముందుకు జరిపితే, యూరప్ 29న జరుపుతుంది. ఆ మూడు వారాలూ శాన్ ఫ్రాన్సిస్కో ఎనిమిదంటే బెర్లిన్‌లో నాలుగే. అక్కడ నాలుగింటికి రోజూ ఉండే వాళ్ల సొంత మీటింగ్‌తో ఇది ఢీకొంటుంది.

ఆ గంటను చెరిసగం పంచుకోవడమే నాకు సబబనిపిస్తుంది. చలికాలంలో మనకు 9, శాన్ ఫ్రాన్సిస్కోకు 7:30, బెర్లిన్‌కు 4:30. నెలకోసారి మాత్రం తిరగేయాలి: వేసవిలో అయితే వాళ్లు బుధవారం రాత్రి 9:30కి కూర్చుంటే మనకు గురువారం ఉదయం 10. బెర్లిన్‌లో అప్పటికి 6:30 కాబట్టి ఆ రోజుకు వాళ్లను వదిలేసి, తేల్చుకున్న విషయాలు రాసి పంపాలి. శుక్రవారం మాత్రం పెట్టకూడదు; వాళ్ల శుక్రవారం రాత్రి మనకు శనివారం ఉదయం.

అక్టోబరు మొదట్లోనే క్యాలెండర్‌ను నవంబరు రెండో వారానికి జరిపి చూస్తే, ఏ ఊళ్లో మీటింగ్ ఎన్నింటికి పడుతోందో తెలిసిపోతుంది. మేనేజరుతో మాట్లాడి మార్పించుకోవడానికి అప్పటికింకా నెల రోజుల వ్యవధి ఉంటుంది.