పదిహేను మాటల్లో గోరంట్ల స్థలం

గుంటూరు పక్కన గోరంట్లలో మా నాన్నకి ఒక స్థలం ఉంది. అమ్మ మోకాళ్ళ ఆపరేషన్ దసరాలోపు చేయించాలని ఆ స్థలం అమ్మకానికి పెట్టారు. పేపర్లో క్లాసిఫైడ్ ఇద్దామని ఆయన తెల్లకాగితం మీద రాసి, ఫోటో తీసి నాకు పంపారు. డబ్లిన్‌లో రాత్రి పదకొండున్నర, అంటే ఆయనకి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు.

"గుంటూరు పట్టణంలో అతి ముఖ్యమైన ప్రాంతమైన గోరంట్లలో మంచి అభివృద్ధి చెందుతున్న ఏరియాలో అన్ని సదుపాయాలకు దగ్గరగా ఉన్న 200 గజాల తూర్పు ఫేసింగ్ ఇంటి స్థలం అమ్మబడును. ఆసక్తి గలవారు మాత్రమే ఈ క్రింది ఫోన్ నంబరుకు సంప్రదించగలరు. బ్రోకర్లు వద్దు." తర్వాత ఫోన్ నంబరు.

నంబరుతో కలిపి 32 మాటలు. ఏజెన్సీ అబ్బాయి చెప్పిన లెక్క ప్రకారం పదిహేను మాటల వరకు ఒకటే రేటు, ఆ పైన ప్రతి మాటకీ విడిగా డబ్బు. ఇంత రాసినా రోడ్డు ఎంత వెడల్పో లేదు, ధర లేదు, లేఅవుట్‌కి అనుమతి ఉందో లేదో లేదు.

నేను కోడ్ రాసేవాణ్ణి కదా, అనవసరమైంది కనబడితే చేతులాగవు. ప్రకటన "స్థలాలు అమ్మకం" అనే శీర్షిక కిందే వస్తుంది కాబట్టి "అమ్మబడును" తీసేశాను. నంబరు ఇచ్చాక సంప్రదించమని చెప్పడమెందుకని అదీ తీసేశాను. ఆసక్తి లేనివాడు ఎలాగూ ఫోన్ చేయడు. చివరికి మిగిలింది ఇది: "గోరంట్లలో 200గజాల తూర్పుఫేసింగ్ స్థలం", నంబరు. ఐదు మాటలే! ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం ప్రకటన పడింది. నాన్నకి ఫోన్లు బాగానే వచ్చాయి. సాయంత్రానికి ఆయన గొంతు పోయింది. అందరూ అవే ప్రశ్నలు వేశారట. రోడ్డెంత? అప్రూవ్డేనా, బ్యాంకు లోన్ వస్తుందా? గజం ఎంత? ఒకాయన మాత్రం హైదరాబాదు నుంచి చేసి, కొంతసేపు మాట్లాడాక "హిందూపురం దగ్గర గోరంట్ల కాదా అండీ?" అన్నాడట. ఆ పేరుతో అనంతపురం వైపు ఇంకో ఊరుంది మరి. జిల్లా ఎడిషన్‌లో మాత్రమే అయితే "గుంటూరు" అన్న మాట దండగ. హైదరాబాదు ఎడిషన్‌లో కూడా వేయించినందుకు అది తప్పనిసరి. నేను దాన్ని తీసేశాను.

రెండోసారి నాన్నని ఒకటే అడిగాను: ఎవరెవరు ఏమేం అడిగారో రాసి పంపమన్నాను. ప్రతి ఒక్కరూ అడిగిన ప్రశ్న ప్రకటనలో లేని మాటే. ఎవరూ అడగనిది లేకపోయినా నష్టం లేదు. సదుపాయాల గురించి ఒక్కరూ అడగలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. పదిహేనుకి ఎలాగూ డబ్బు కడుతున్నప్పుడు ఐదు దగ్గర ఆగడం పొదుపు కాదు. పది మాటలు ఊరికే వదిలేసినట్టు.

తెలుగులో మాటలు లెక్కపెట్టేటప్పుడు కాస్త వెసులుబాటు ఉంది. "లో", "కు" ముందు మాటకే అతుక్కుపోతాయి. "200గజాలు" కలిపి రాస్తే ఒకటిగానే లెక్కేశారు. అలాగని "40అడుగులరోడ్డు" అని కలిపేస్తే ఏజెన్సీ వాళ్ళు ఒప్పుకోలేదు, నిజానికి చదవడానికీ బాగోదు. "తూ.ఫే." లాంటి పొట్టి అక్షరాలు మాత్రం వద్దనుకున్నాను. వేగంగా కళ్ళు పరిగెత్తించేవాడు వాటి దగ్గర ఆగి ఆలోచించడు, కింది ప్రకటనకి వెళ్ళిపోతాడు.

ధర దగ్గర కొంచెం తటపటాయించాను. "40లక్షలు" ఒక్క మాట, "గజం 20వేలు" రెండు. అయినా రెండోదే ఉంచాను. కొనేవాళ్ళు పక్క ప్రకటనతో పోల్చుకునేది గజం లెక్కనే. "బ్రోకర్లు వద్దు" బదులు "ఓనర్" పెట్టాను. వద్దన్నా బ్రోకర్లు చేస్తూనే ఉంటారు. ఓనర్ అంటే కమీషన్ ఉండదని కొనేవాడికి తెలుస్తుంది. 36×50 ఎందుకంటే, 200 గజాలు సన్నగా పొడుగ్గా ఉంటే ఇల్లు కట్టడం కష్టం. ముందువైపు 36 అడుగులు అనగానే ఆ అనుమానం తీరుతుంది.

"గుంటూరు గోరంట్ల, అప్రూవ్డ్ లేఅవుట్, 200గజాలు, 36×50, తూర్పు, 40అడుగుల రోడ్డు, ఇళ్ల మధ్య, గజం 20వేలు. ఓనర్:" ఆ పైన నంబరు, మధ్యలో ఖాళీ లేకుండా. ఖాళీ ఉంటే రెండు మాటలట!

సరిగ్గా పదిహేను. తర్వాతి ఆదివారం ఫోన్లు సగానికి సగం తగ్గాయి. నాన్న మొదట కంగారుపడ్డారు. కానీ వచ్చిన వాళ్ళలో ముగ్గురు "ఎప్పుడు చూడొచ్చండీ?" అనే మొదలుపెట్టారట. అందులో ఒకాయన బుధవారం టేపు తెచ్చుకుని మరీ వచ్చి కొలుచుకుని, బయానా మాట్లాడి వెళ్ళాడు.

"అంతా బాగానే ఉంది గానీ నాన్నా, మంచి అభివృద్ధి చెందుతున్న ఏరియా అని ఒక్క ముక్క వేసుంటే ఇంకో వెయ్యి వచ్చేదేమో గజానికి" అంటున్నారు నాన్న ఇప్పటికీ.