బరువు 50 కిలోలు

మా పెదనాన్న తహసీల్దారు ఆఫీసులో 34 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. అందులో సగానికి పైగా ఇన్‌వార్డు సీటులోనే గడిచింది. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేయడం, తేదీ వేయడం, అది ఎవరి టేబుల్ మీదికి వెళ్లిందో రాసుకోవడం ఆయన పని. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన ఆరు వారాలకు మొదటి కీమో. ఆ రోజు జేబులో పెన్ను, చేతిసంచిలో ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకుని బయల్దేరారు. "అదెందుకు పెదనాన్నా?" అంటే, "ఊరికే కూర్చోలేను గదరా" అన్నారు. ఆ రోజు ఆయన రాసిన నాలుగు పేజీలు ఇప్పుడు నా దగ్గరున్నాయి. కీమో డే కేర్ వార్డులో ఏం జరుగుతుందో నాకు తెలిసిందంతా ఆ పేజీలు చదువుకుంటూ, అర్థం కానిచోట డాక్టర్నీ సిస్టర్నీ అడిగి తెలుసుకున్నదే.

మొదటి పేజీలో ముందున్నవి కుర్చీలు. "7.50. వాలు కుర్చీలు 12. నిండినవి 7. కిటికీ పక్కవి ముందే నిండాయి." డే కేర్ అంటే పొద్దున వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రంలోగా ఇంటికి వెళ్లిపోయే వార్డు. మంచాలు తక్కువ, వాలు కుర్చీలు ఎక్కువ. ఒక్కో కుర్చీ పక్కన ఒక స్టాండు, దానికి బిగించిన చిన్న పంపు. గంటకు ఎన్ని మిల్లీలీటర్లు వెళ్లాలో ఆ పంపులో పెడతారు. గొట్టంలో గాలి బుడగ వచ్చినా, మడత పడినా అది కూత పెడుతుంది. పెదనాన్న మొదటి గంటలోనే ఆ కూతల్ని లెక్కపెట్టారు: తొమ్మిది. అందులో ఎనిమిది సార్లు పేషెంటు చెయ్యి మడవడం వల్లే. తొమ్మిదోది సెలైను అయిపోయి.

8.40కి ఒక సిస్టర్ వచ్చి ఆయన్ని బరువు తూచింది. 50 కిలోలు. ఎత్తు 162 సెంటీమీటర్లు. ఆమె చీటీ మీద రాసి ఫైలులో పెట్టి వెళ్లింది. ఫైలు ఒడిలోనే ఉంది కాబట్టి పెదనాన్న తెరిచి చూశారు. ఎదురుగా ఫైలు పెట్టి చదవొద్దంటే ఆయన వల్ల కాదు. మందుల ఆర్డరు కాగితం పైన బరువు 58 కిలోలని ఉంది. అది ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రిలో చేరినప్పటి బరువు. నోటుబుక్కులో ఆ పద్దు కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. "8.46. చీటీలో 50. ఆర్డరులో 58. ఏది నిలుస్తుంది?"

ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలియదు. కీమో మందుల్లో చాలావాటిని జ్వరం బిళ్లలాగా అందరికీ ఒకే లెక్కన ఇవ్వరు. ఎత్తూ బరువూ కలిపి ఒంటి వైశాల్యం ఎంతో కట్టి, దానికి తగ్గట్టు మోతాదు నిర్ణయిస్తారు. ఎత్తును బరువుతో హెచ్చవేసి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే చదరపు మీటర్లలో వైశాల్యం వస్తుంది. పెదనాన్నకు 162 ఇంటూ 50, అంటే 8100. 3600తో భాగిస్తే 2.25. దాని వర్గమూలం సరిగ్గా 1.5. ఆయనకు ఎక్కించాల్సిన మందు పేరు ఆక్సాలిప్లాటిన్. చదరపు మీటరుకు 130 మిల్లీగ్రాముల చొప్పున 195 అవుతుంది. 58 కిలోల లెక్కన అయితే 210.

పెదనాన్న గట్టిగా మాట్లాడే మనిషి కాదు. సిస్టర్ అటుగా వచ్చేదాకా ఆగి, "అమ్మా, ఈ రెండు కాగితాలూ ఒకదానితో ఒకటి సరిపోవడం లేదు, ఒకసారి చూస్తారా" అన్నారు. ఆమె చూసింది. మాట్లాడకుండా ఫైలు తీసుకుని డాక్టర్ గదిలోకి వెళ్లింది. అరగంట తర్వాత డాక్టర్ తనే వచ్చారు. 15 మిల్లీగ్రాములు ఎక్కువైతే ఆ పూటకే ఏదో అయిపోతుందని కాదుగానీ, బరువు పది శాతం మారితే మోతాదు మళ్లీ లెక్క కట్టి తీరాలని చెప్పారు. ఈ మందు చేతి వేళ్ల, కాలి వేళ్ల నరాల మీద చూపే ప్రభావం ఒక్కో విడతకీ కొంచెం కొంచెంగా పోగవుతుంది. మొదటి రోజు ఎక్కువైన లెక్క ప్రతి విడతలోనూ ఎక్కువవుతూ పోతే, తిమ్మిర్లు తొందరగా మొదలై చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమయ్యేదాకా వెళ్లొచ్చు. ఆర్డరు మీద 210 కొట్టేసి, 195 రాసి, పక్కన సంతకం పెట్టి తేదీ వేశారు. ఆ కొట్టివేత పక్కన సంతకం ఉందో లేదో పెదనాన్న వంగి చూసుకున్నారు.

ఆపరేషన్ అయిన మనిషి బరువు తగ్గడం మామూలే. అందుకే ఈ పొరపాటు జరిగే వీలు ఎక్కువ. మీ ఇంట్లో ఎవరైనా కీమోకి వెళ్తుంటే, ఆ రోజు తూచిన బరువూ, మోతాదు లెక్క కట్టిన కాగితంలోని బరువూ ఒకటేనా అని అడగడంలో తప్పేమీ లేదు.

ఆ తర్వాత ఒక పేజీ నిండా ఎదురుచూపే. "9.40. ఏమీ లేదు. 10.00. ఏమీ లేదు." పక్క కుర్చీల్లో గొణుగుడు మొదలైంది. మందు సీసా పక్కనే ఉంటుంది, తెచ్చి తగిలించడానికి ఇంతసేపా అని. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి సీసాలో ఉన్నది అలాగే ఎక్కించేది కాదు. ముందురోజు తీసిన రక్త పరీక్షలో తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ సరిపడా ఉన్నాయని డాక్టర్ చూసి సంతకం పెట్టాకే ఫార్మసీలో కలపడం మొదలవుతుంది. కణాలు తక్కువుంటే కీమో వారం వాయిదా పడుతుంది. ముందే కలిపి ఉంచితే ఖరీదైన మందు పారబోయాల్సి వస్తుంది. కలిపేవాళ్లకు ఆ మందు తగలకూడదు, ఆవిరి పీల్చకూడదు కాబట్టి, గాలిని లోపలికి లాక్కునే అద్దాల పెట్టెలో, రెండు జతల గ్లవుజులు వేసుకుని కలుపుతారు. పెదనాన్న మందు 5 శాతం డెక్స్ట్రోజులోనే కలపాలి. మామూలు ఉప్పు సెలైనులో కలిపితే అందులోని క్లోరైడు వల్ల మందు విరిగిపోతుంది. ఇంట్లో చిన్నప్పటి నుంచీ మనకు అన్ని సీసాలూ సెలైనే గానీ, ఇక్కడ ఏ సీసా అన్నది ప్రాణంతో సమానమైన విషయం.

10.25కి కాన్యులా పెట్టారు. మోచేతి మడతలో కాకుండా, మణికట్టు దగ్గర కాకుండా, ముంజేతి మధ్యలో గట్టి నరం చూసి పెట్టారు. సిస్టర్ సిరంజి వెనక్కి లాగి, రక్తం సాఫీగా వస్తోందో లేదో చూసింది. రక్తం రాకపోతే సూది నరంలో లేనట్టు. కీమో మందు నరం బయట కండలోకి జారితే అక్కడ వాచి, పుండు పడే ప్రమాదం ఉంటుంది. "మంటగానీ, పోటుగానీ, వాపుగానీ అనిపిస్తే వెంటనే చెప్పండి తాతగారూ, ఓర్చుకోకండి" అంది. ముందుగా వాంతులు రాకుండా ఒక ఇంజెక్షను, దాంతోపాటు స్టెరాయిడు ఇచ్చి అరగంట ఆపారు.

11.10కి మందు వచ్చింది. ఇద్దరు సిస్టర్లు వచ్చారు. ఒకరు సంచి మీద చీటీ చదివితే, రెండోవారు ఆర్డరులో చూసుకున్నారు. పేరు, నంబరు, మందు, 195 మిల్లీగ్రాములు, ఏ టైముకు కలిపారు, ఎప్పటిలోగా ఎక్కించాలి. "మీ పేరు మీరే చెప్పండి" అన్నారు. మీరు ఫలానా వారేనా అని అడిగితే కునికిపాట్లు పడుతున్న మనిషి ఎవరి పేరుకైనా ఊ అంటాడు. అందుకని పేరు పేషెంటు నోటితోనే చెప్పిస్తారు. పెదనాన్న ఇంటిపేరుతో సహా, ఆఫీసులో చెప్పినట్టు చెప్పారు. నోటుబుక్కులో ఆ పద్దు పక్కన "ఇద్దరి సంతకాలు" అని రాసి, చుట్టూ గుండ్రంగా గీత గీశారు.

రెండు గంటలపాటు నెమ్మదిగా ఎక్కించారు. గంట గడిచేసరికి చెయ్యి లాగుతోందన్నారు. ఈ మందుకి అది ఉన్నదే, వాపు లేదు కాబట్టి భయం లేదని సిస్టర్ చూసి చెప్పి, వెచ్చటి గుడ్డ చుట్టింది. అప్పుడే క్యాంటీన్ కుర్రాడు మంచినీళ్ల సీసాలు తెచ్చాడు. ఫ్రిజ్‌లోంచి తీసినవి, సీసా చుట్టూ చెమట పట్టి ఉంది. నేను మూత తీసి ఇవ్వబోతుంటే పక్క కుర్చీలోని ఆవిడ, "బాబాయిగారూ, వద్దు, ఆ నీళ్లు తాగకండి" అని గట్టిగా అంది. ఆవిడది మూడో విడత. మొదటి విడత రోజు ఇంటికెళ్లి మజ్జిగ తాగిందట. "గొంతులో ఎవరో పట్టుకున్నట్టు అయింది. ఊపిరి ఆడుతూనే ఉంది, కానీ ఆడడం లేదనిపించింది. చచ్చిపోతాననుకున్నా." ఈ మందు ఎక్కిన వెంటనే నరాలకు చల్లదనం అసలు పడదు. చల్లనిది తాగితే గొంతు బిగుసుకుపోయినట్టు, చల్లని ఇనుము పట్టుకుంటే వేళ్లలో సూదులు గుచ్చినట్టు అవుతుంది. కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. గోరువెచ్చటి నీళ్లు తాగడం, ఫ్రిజ్ తలుపు గుడ్డతో తీయడం, చలికాలం పొద్దున ముక్కుకీ నోటికీ కండువా చుట్టుకోవడం, ఇవే జాగ్రత్తలు. సిస్టర్ ఇచ్చిన కాగితంలో ఇదంతా ఉంది. కానీ నేను చదవలేదు. ఆవిడ చెప్పకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటాను.

ఆ ఆవిడకు పెదనాన్న తన నోటుబుక్కు చూపించారు. ఆవిడ నవ్వి, "ఎర్ర మందు వాళ్ల గురించి కూడా రాయండి" అంది. ఎదురు కుర్చీలో ఒక అమ్మాయికి సిస్టర్ పక్కనే కూర్చుని, సిరంజితో ఎర్రటి మందు కొద్దికొద్దిగా వేస్తోంది. డాక్సోరుబిసిన్ అట. ఒక రోజంతా మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే రక్తమనుకుని హడలిపోతారు. పెదనాన్న ఆ వివరం కూడా రాసుకున్నారు, తనకు సంబంధం లేకపోయినా.

వెళ్లేటప్పుడు మాత్రలు ఇచ్చారు. కేపెసిటాబిన్, 500 మిల్లీగ్రాములవి. పొద్దున మూడు, రాత్రి మూడు, భోజనం అయిన అరగంటలోపు, 14 రోజులు. "మూడు ఇంటూ రెండు ఇంటూ పద్నాలుగు, 84" అని పెదనాన్న అక్కడే కౌంటరు ముందు స్ట్రిప్పులు లెక్కపెట్టారు. సరిపోయాయి. తర్వాత వారం రోజులు విరామం, 22వ రోజున మళ్లీ విడత. చివరగా సిస్టర్ ఒక మాట చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించింది. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే అర్ధరాత్రయినా ఫోను చేసి రావాలి. వారం, పది రోజుల తర్వాత తెల్లకణాలు బాగా పడిపోయి ఉంటాయి. అప్పుడొచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు. "పారాసెటమాల్ వేసుకుని పొద్దున దాకా చూడొచ్చా?" అని నేను అడిగాను. "వేసుకుంటే జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షను అలాగే ఉంటుంది. ముందు ఫోను చేయండి" అంది.

1.50కి బయటికొచ్చాం. ఆటో కడ్డీ చల్లగా ఉంటుందని పెదనాన్న కండువా మడిచి చేతికి చుట్టుకుని పట్టుకున్నారు. దారిలో మెడికల్ షాపులో థర్మామీటరు కొనిపించారు. ఇంటికొచ్చాక నాలుగో పేజీ చివర తర్వాతి విడత తేదీ రాశారు. దాని కింద "బరువు" అని రాసి, ఎదురుగా రెండంకెలకు సరిపడా చోటు ఖాళీగా వదిలారు.